అనంతపురం మొబైల్ అంగళ్ల వాళ్లకు: మీ కేబుల్లో రాగి ఎంతుంది?

సప్తగిరి సర్కిల్ నుంచి పాతూరు దాకా, బస్టాండు చుట్టుపక్కలా మొబైల్ సామాన్లు అమ్మే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఇదే ఊళ్లో ఫోన్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ని. మీలో చాలామందికి ముఖపరిచయం ఉన్నవాణ్నే. మీ దగ్గర చార్జరు, కేబుల్ కొన్న మనిషి కొన్నాళ్లకు నా బల్ల ముందుకొస్తాడు. అప్పుడు మీరు అక్కడ ఉండరు కాబట్టి, అతని ఫోన్లో నేను చూసేది మీరు చూడలేరు. అది చెబుదామనే ఈ లేఖ. అధికారులకు రాయొచ్చు కదా అంటారేమో. అధికారులొచ్చి తనిఖీ చేస్తే రెండు రోజులు పేపర్లో వస్తుంది. మూడో రోజు అదే సరుకు అదే కొక్కేనికి వేలాడుతుంది. బెంగుళూరు నుంచి మూటలు దిగినప్పుడు ఏది తీసుకోవాలో, ఏది వెనక్కి పంపాలో తేల్చేది మీరే.

మొన్న గార్లదిన్నె వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "బ్యాటరీ చచ్చిపోయిందప్పా, కొత్తది వెయ్యి" అన్నాడు. రాత్రి పెడితే తెల్లారినా నిండదంట. పెట్టి వీడియోలు చూస్తుంటే ఎక్కాల్సింది పోయి ఒకటి రెండు శాతం దిగుతోందంట. ఫోను కొని రెండేళ్లు కూడా కాలేదు, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఇంతకుముందు చూపించిన చోట కూడా బ్యాటరీయే మార్చమన్నారు. నేను బ్యాటరీ జోలికి పోకుండా, అతని సంచిలోని చార్జరూ కేబులూ అడిగి తీసుకున్నా.

ముందు కేబుల్ సంగతి. మంచి చార్జరుకు అతని కేబుల్ తగిలించి, ఫోను దగ్గర వోల్టులూ కరెంటూ చూపించే యూఎస్‌బీ మీటరు పెట్టా. చార్జరు దగ్గర 5.1 వోల్టులు బయల్దేరుతున్నాయి. ఫోను దగ్గరికి వచ్చేసరికి 4.4 మిగిలాయి. కరెంటు 0.9 ఆంపియర్. అదే చార్జరుకు, అదే ఫోనుకు నా బల్ల మీదున్న మంచి కేబుల్ పెడితే 4.85 వోల్టులు, 1.9 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. అంటే అతని కేబుల్ ఫోనుకు నాలుగు వాట్లు అందిస్తోంది, మంచిది తొమ్మిది వాట్లకు పైనే. మారింది మీటరు పొడవు తీగ ఒక్కటే.

ఆ బ్యాటరీ నిండాలంటే సుమారు 19 వాట్-అవర్ల శక్తి కావాలి. నాలుగు వాట్లలో కొంత వేడిగా పోతుంది, లోపలికి చేరేది మూడున్నర. ఆ లెక్కన ఫోను ముట్టుకోకుండా పక్కన పెట్టినా ఐదున్నర గంటలు పడుతుంది. తెర వెలుతురు పెంచి, డేటా ఆన్ చేసి వీడియో చూస్తే ఫోనే రెండు మూడు వాట్లు తినేస్తుంది. ఇక బ్యాటరీకి మిగిలేదేమిటి? సిగ్నల్ సరిగా లేని పల్లెలో అయితే ఆ తిండి ఇంకా పెరుగుతుంది. అందుకే ఎక్కాల్సింది దిగింది. బ్యాటరీ బాగానే ఉంది. ముందు మార్చాల్సింది కేబుల్.

ఇలా ఎందుకవుతుందో కేబుల్ కోస్తే తెలుస్తుంది. పైన లావుపాటి రబ్బరు, కొన్నిటికి రంగురంగుల దారం అల్లిక కూడా ఉంటుంది. లోపల మాత్రం వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు. తీగ ఎంత సన్నగా ఉంటే కరెంటుకు అంత అడ్డు. అతని కేబుల్లో పోను రాను కలిపి అడ్డు 0.78 ఓమ్ ఉంది. పోయిన 0.7 వోల్టును 0.9 ఆంపియర్‌తో భాగిస్తే ఆ లెక్క వస్తుంది. నా కేబుల్లో 0.13 మాత్రమే. చీనీ తోటకు డ్రిప్పు వేసిన మన రైతుకు ఇది చెప్పాల్సిన పని లేదు: మోటారు ఎంత పెద్దదైనా, పైపు సన్నదైతే చివరి చెట్టుకు నీళ్లు చేరవు. ఫోను కూడా ఊరికే ఉండదు. లోపలికొచ్చే వోల్టేజీ ఒక హద్దు కన్నా పడిపోతుంటే, తీసుకునే కరెంటును తనే తగ్గించుకుంటుంది. కాబట్టి చార్జరు మీద 33 వాట్లని ఉన్నా, 65 అని ఉన్నా, ఆ కేబుల్ ఉన్నంతవరకు ఆ అంకెకు అర్థం లేదు.

సన్నదనం ఒకటే అయితే కంటికి కనిపిస్తుంది. రెండోది కనపడని మోసం. ఆ పోగులు రాగివి కావు, అల్యూమినియం మీద రాగి పూత. అదే లావు రాగి తీగతో పోలిస్తే దీని అడ్డు దాదాపు ఒకటిన్నర రెట్లు. పైగా నాలుగు సార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. రాగి అయితే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే వెండి రంగు బయటపడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: తగరం పూసిన మంచి రాగి కూడా పైకి తెల్లగానే కనిపిస్తుంది, గీకితే లోపల ఎరుపు. పై రంగు చూసి ఏదీ తేల్చొద్దు. కొన్నిటికి అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది, అంటే లోపల ఇనుమే పెట్టారన్నమాట. అలాంటిది దొరికితే ఆ మూట మొత్తం వెనక్కి పంపొచ్చు.

పొడవు కూడా లెక్కలోదే. మంచం దాకా అందాలని గిరాకీలు రెండు మీటర్లది అడుగుతారు. మన పాత ఇళ్లలో స్విచ్ బోర్డులు తలుపు పక్కనే ఉంటాయి కదా, వాళ్లను తప్పుపట్టలేం. అయితే అదే తీగను రెండింతలు పొడవు చేస్తే అడ్డు కూడా రెండింతలు. పొడవు కేబుల్లో తీగ లావు కూడా పెరగాలి. మూటల్లో వచ్చే సరుకులో పెరిగేది రబ్బరు పొడవు ఒకటే.

తీగల సంఖ్య గురించి కూడా చెప్పాలి. కరెంటు కోసం రెండు తీగలుంటే, ఫోనూ చార్జరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఇంకా తీగలుండాలి. ఖర్చు తగ్గించడానికి వాటిని ఎగరగొట్టిన కేబుళ్లు ఉన్నాయి. అవి పెడితే చాలా ఫోన్లకు ఎదుట ఉన్నది ఫాస్ట్ చార్జరని తెలియదు, 5 వోల్టుల దగ్గరే, తక్కువ కరెంటుతో ఉండిపోతాయి. తెర మీద మామూలు చార్జింగ్ గుర్తే వస్తుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక: కేబుల్‌ను కంప్యూటరుకు పెట్టి చూడండి, ఫోన్లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుందామన్నా రాదు, ఫోన్లోని ఫొటోలు కంప్యూటర్లో కనపడవు. ఇక టైప్-సి నుంచి టైప్-సి కేబుల్ మీద "100 వాట్లు" అని అచ్చేసి వంద రూపాయలకు అమ్మేది చూస్తే నవ్వొస్తుంది. 60 వాట్లు దాటాలంటే ఆ కేబుల్ తలలో ఒక చిన్న చిప్పు ఉండాలి. ఆ చిప్పు లేకపోతే, నిబంధన పాటించే చార్జరు 3 ఆంపియర్లకు మించి ఇవ్వదు.

ఇప్పుడు చార్జరు. కేబుల్ చెడ్డదైతే గిరాకీకి పోయేది టైమూ డబ్బూ. చార్జరు చెడ్డదైతే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఈ రెంటినీ నేను ఒకే గాట కట్టను.

ఆ రైతు చార్జరు మీద పేరున్న కంపెనీ గుర్తు ఉంది, 33 వాట్లని రాసుంది. మంచి కేబుల్‌తో ఒక ఆంపియర్ లాగితే 5.2 నుంచి 4.5 వోల్టులకు పడిపోయింది. ఏమీ తగిలించకుండా వదిలేస్తే సరిగ్గా చూపిస్తుంది, పని చెబితే కూలబడుతుంది. ఒక ఆంపియరే మోయలేనిది 33 వాట్లు ఎక్కడ ఇస్తుంది? ఐదు నిమిషాల్లో చేయి పెట్టలేనంత వేడెక్కింది. అతుకు ఊడదీసి చూశా. ఫ్యూజు లేదు. 230 వోల్టుల వైపుకూ ఫోను వైపుకూ మధ్య బోర్డు మీద రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంది. మంచి చార్జర్లలో ఆ ఎడం ఆరు మిల్లీమీటర్ల దాకా ఉంచుతారు, కొన్నిట్లో బోర్డునే అక్కడ చీల్చి ఖాళీ వదులుతారు. ఆ రెండు వైపులనూ కలుపుతూ ఒక కెపాసిటరు ఉంటుంది. అది వై రకానిది కావాలి, అంటే పాడైనా అతుక్కుపోకుండా తెగిపోయేలా తయారైనది. ఇందులో రేడియోల్లో వేసే మామూలు నీలం బిళ్ల వేశారు. అది లోపల అతుక్కుపోయిన రోజు గోడలోని కరెంటు తిన్నగా కేబుల్లోకి, కేబుల్లోంచి ఫోన్లోకి, ఫోను పట్టుకున్న చేతిలోకి వస్తుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మెటల్ అంచున్న ఫోనుకు ఒరిజినల్ చార్జరు పెట్టినా, ఒట్టికాళ్లతో నేల మీద నిలబడి తాకితే సన్నగా జివ్వుమనొచ్చు. అది ఆ వై కెపాసిటరులోంచి వచ్చే చాలా చిన్న కరెంటు, దానికి భయపడక్కర్లేదు. గిరాకీ అలా చెబితే ప్రతిసారీ డూప్లికేట్ అనుకోవద్దు. గట్టిగా కొట్టినట్టుంటే మాత్రం ఆ చార్జరును మళ్లీ బోర్డుకు పెట్టనివ్వొద్దు.

ఇంకో గుర్తు మీరు రోజూ వినేదే: "చార్జింగ్‌లో పెడితే టచ్ పిచ్చిపిచ్చిగా పనిచేస్తోంది". చార్జరు నుంచి వచ్చే కరెంటు నిలకడగా లేకుండా అలలు అలలుగా వస్తే వేలి తాకిడి ఏదో, ఆ అల ఏదో తెర పోల్చుకోలేదు. యూపీఐ పిన్ను కొడుతుంటే ఒక అంకె నొక్కితే ఇంకో అంకె పడుతుంది. చార్జరు పీకేస్తే బాగుంటుంది. చాలామంది దీనికి డిస్‌ప్లే మార్పించుకుంటారు. ముందు ఇంకో చార్జరుతో చూడమని మీరు ఒక్క మాట చెబితే రెండు మూడు వేలు మిగులుతాయి.

బ్యాటరీ గురించి జనంలో ఉన్న భయాలు కొన్ని వట్టివి. ఎక్కువ వాట్ల చార్జరు పెడితే బ్యాటరీ ఉబ్బుతుందని అంటారు. ఫోను తనకు కావాల్సినంతే అడిగి తీసుకుంటుంది, 65 వాట్ల మంచి చార్జరుకు పాత ఫోను పెట్టినా ఏమీ కాదు. నెమ్మదిగా చార్జ్ అవ్వడం కూడా బ్యాటరీకి దానంతట అది చేటు కాదు. చేటు చేసేది వేడి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. ఆ దరిదాపులకొస్తే ఫోన్లే చార్జింగ్ తగ్గిస్తాయి, లేదా ఆపేస్తాయి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలే 40 దాటుతుంది. ఆ ఎండల్లో నాసి కేబుల్‌తో ఐదారు గంటలు ప్లగ్గులోనే ఉంచి, మధ్యమధ్యలో వీడియోలు చూస్తూ, రాత్రి దిండు కింద పెట్టుకుంటే ఆ వేడి బ్యాటరీని వదలదు. వదులైన పిన్ను ఇంకో పొయ్యి. తగిలీ తగలనట్టున్న చోట కరెంటు ఫోను నోటి దగ్గరే వేడి పుట్టిస్తుంది. నా దగ్గరికొచ్చే నల్లబడ్డ చార్జింగ్ పిన్నుల కథ చాలావరకు ఇదే. నాసి చార్జరు వోల్టేజీ ఎగుడుదిగుడుగా పంపితే ముందు దెబ్బ తినేది ఫోన్లోని చార్జింగ్ ఐసీ. దాని పని పట్టాలంటే బోర్డు విప్పాలి, అప్పుడు గిరాకీ నా మీద అరుస్తాడు. అరిచినా అది నాకు బేరమే అనుకోండి. మీరు ఈ సరుకు అమ్మడం ఆపితే నా గల్లాపెట్టెకే చిల్లు.

ఇక మీతో నాకున్న పని. చార్జరుకు ఒక గుర్తు ఉంది. మన దేశంలో మొబైల్ అడాప్టర్లు, వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దగ్గర తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. చార్జరు ఒంటి మీద సాధారణంగా IS 13252 (Part 1) అనే ప్రమాణం అంకె, దాంతో పాటు R- తర్వాత ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. ఫోన్లో BIS Care అనే యాప్ వేసుకుని, అందులో ఆర్ నంబరు సరిచూసే చోట ఆ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ బ్రాండు, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నీ వస్తాయి. నంబరు ఉందా లేదా అని చూసి వదిలేస్తే చాలదు. డూప్లికేట్ చేసేవాడికి ఎనిమిది అంకెలు అచ్చేయడం కష్టమేమీ కాదు, వేరేవాళ్ల నంబరు తెచ్చి వేస్తాడు. యాప్‌లో వచ్చే బ్రాండూ వస్తువూ మీ చేతిలోని చార్జరుతో కలుస్తున్నాయా అన్నదే చూడాలి. లైట్ల కంపెనీ పేరొస్తే ఇంకేం చెప్పాలి? బరువును కూడా నమ్మొద్దు, గట్టిగా అనిపించాలని లోపల ఇనుప ముక్క అతికించినవీ ఉన్నాయి.

కేబుల్‌కు మాత్రం ఈ ఆర్ నంబరు లాంటి ఆసరా లేదు. అందుకే అక్కడ మీటరూ బ్లేడే దిక్కు. ప్రతి మూటలోంచి ఒక కేబుల్ తీసి కోయండి. ఒకటి పోతే పోయింది, మూటలో ఇంకా బోలెడు ఉంటాయి. మీటరు ఐదారు వందల్లోపే దొరుకుతుంది. మీ అంగట్లో ఎప్పుడూ మార్చని ఒక చార్జరు, ఒక ఫోను పెట్టుకుని, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అదే జతతో చూడండి. ఫోను బ్యాటరీ సగం కన్నా తక్కువ ఉన్నప్పుడే చూడాలి. నిండబోయే ఫోను ఎలాగూ కరెంటు తక్కువే తీసుకుంటుంది, అప్పుడు మంచి కేబుల్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది.

"గిరాకీలే అరవై రూపాయల కేబుల్ అడుగుతారు, వంద చెబితే పక్కంగడికి పోతారు" అని మీరంటారని తెలుసు. నిజమే. తక్కువ రేటు సరుకు పూర్తిగా ఆపేయమని నేను అనను. కీప్యాడ్ ఫోనుకూ, బ్లూటూత్ ఇయర్‌ఫోనుకూ సన్న కేబుల్ చాలు. కొక్కేనికి తగిలించేటప్పుడు దాని మీద "స్లో చార్జింగ్‌కు మాత్రమే" అని పెన్నుతో రాసి పెట్టండి, పక్కనే మంచిదాన్ని మీటరు రీడింగుతో సహా పెట్టండి. ఎస్కేయూ, జేఎన్‌టీయూ హాస్టల్ పిల్లలకైతే మీటరు చూపిస్తే చాలు, వాళ్లే ఎక్కువ రేటుది ఎంచుకుంటారు. చార్జరు విషయంలో మాత్రం ఈ రెండు రకాల లెక్క వద్దు. ఆర్ నంబరు కలవని చార్జరు ఏ రేటుకూ అమ్మకండి.

చట్టం సంగతి భయపెట్టడానికి కాదు, మీ మంచికే చెబుతున్నా. రిజిస్ట్రేషన్ లేని చార్జరు తయారు చేసినవాడే కాదు, నిల్వ ఉంచి అమ్మినవాడు కూడా 2016 బీఐఎస్ చట్టం కిందికి వస్తాడు. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షలకు తగ్గని జరిమానా అని అందులో ఉంది. అది కాకపోయినా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 86వ సెక్షన్ ఉంది. తయారుచేసినవాడు ఎవరో తెలియని వస్తువు వల్ల గిరాకీకి నష్టం జరిగితే, ఆ నష్టానికి అమ్మినవాడే జవాబుదారీ. అట్ట మీద తయారీదారు పేరూ అడ్రసూ లేని చార్జరు వల్ల ఒక ఇంట్లో పరుపు కాలితే, ఆ ఇంటివాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చూపించేది మీ అంగడి పేరే. మీరు హోల్‌సేలరు దగ్గర జీఎస్టీ బిల్లు తీసుకోకపోతే, సరుకు ఎక్కడిదో చూపించడానికి మీ చేతిలో కాగితం కూడా ఉండదు. కాబట్టి బిల్లు అడగండి, గిరాకీకి బిల్లు ఇవ్వండి. "బిల్లుతో అయితే రేటు వేరే" అన్న హోల్‌సేలరును, ఆ రెండో రేటులో ఏం తగ్గించాడో కూడా అడగండి.

మీలో ఎవరికైనా మీటరు వాడటం కొత్తయితే, మూటలోంచి కేబుళ్లు రెండు మూడు రకాలు పట్టుకుని మధ్యాహ్నం పూట నా బల్ల దగ్గరికి రండి. అప్పుడు బేరం తక్కువ ఉంటుంది. డబ్బులేమీ వద్దు, కోయడానికి మాత్రం ఒక కేబుల్ వదులుకోవాలి.

ఇట్లు,
మీ ఊళ్లోని ఒక ఫోన్ల రిపేరువాడు,
అనంతపురం